డెక్సా రిపోర్టులో A/G Ratio: ఒక భిన్నం, రెండు పెట్టెలు

ఫుల్ బాడీ డెక్సా స్కాన్ చేయించుకున్నవాళ్లు రిపోర్టు చేతికి రాగానే ముందు మొత్తం కొవ్వు శాతం చూస్తారు. ఆ తర్వాత కన్ను పడేది A/G Ratio మీద. 1.31 అనో, 0.84 అనో ఉంటుంది. పక్కన ఓ రంగు పట్టీ, కింద ఎవరో రాసిన 'మగవాళ్లకు 1.0 లోపు, ఆడవాళ్లకు 0.8 లోపు ఉండాలి' అన్న వాక్యం. మనది ఆ గీత దాటి ఉంటే టెన్షన్ మొదలవుతుంది, దాటకపోతే హమ్మయ్య అనుకుని కాగితం మడిచి లోపల పెట్టేస్తారు. ఈ రెండు పనులూ తొందరపాటే. A/G Ratio ఒక భిన్నం. పైన నడుము దగ్గరి కొవ్వు శాతం, కింద తుంటి, తొడల దగ్గరి కొవ్వు శాతం ఉంటాయి. ఆ రెండూ విడివిడిగా చూడకుండా భాగహారం ఫలితం ఒక్కటే చదివితే, మంచి మార్పు చెడ్డగానూ, చెడ్డ మార్పు మంచిగానూ కనిపించవచ్చు. అదెలాగో ఒక రిపోర్టు లెక్క చేసి చూద్దాం.

ముందు ఒక చిన్న హెచ్చరిక. డెక్సా అనగానే మన దగ్గర చాలామందికి గుర్తొచ్చేది అమ్మకో అత్తయ్యకో చేయించే ఎముకల సాంద్రత పరీక్ష. అందులో నడుము వెన్నెముక, తుంటి మాత్రమే తీస్తారు. ఆ రిపోర్టులో A/G Ratio ఉండదు. దీనికి తల నుంచి పాదాల దాకా మొత్తం ఒంటిని తీసే బాడీ కంపోజిషన్ స్కాన్ విడిగా అడగాలి. మెషీన్ చాలాచోట్ల ఒకటే, పరీక్ష వేరు. బల్ల మీద కదలకుండా పది నిమిషాలు పడుకుంటే సరిపోతుంది. తగిలే రేడియేషన్ చాలా తక్కువ, అటూఇటుగా ఒకట్రెండు రోజుల్లో ప్రకృతి నుంచి మనకు మామూలుగా తగిలేంత. అయినా గర్భిణులకు చేయరు.

ఈ మెషీన్ కొవ్వును నేరుగా చూడదు. ఎక్కువ శక్తి, తక్కువ శక్తి ఉన్న రెండు రకాల ఎక్స్‌రేలను ఒంట్లోంచి పంపి, అవతలికి ఎంత వచ్చాయో కొలుస్తుంది. కొవ్వు, కండ, ఎముక ఈ రెండు కిరణాలనూ ఒకే తీరుగా ఆపవు కాబట్టి, ప్రతి చుక్క దగ్గరా ఏది ఎంత ఉందో లెక్కకట్టవచ్చు. ఇక్కడొక పరిమితి ఉంది. రెండు కిరణాలతో ఒక చోట రెండు పదార్థాలనే విడదీయగలం. ఎముక లేని చోట కొవ్వు ఎంత, మిగతాది ఎంత అని తేల్చవచ్చు. ఎముక ఉన్న చోట ఎముక ఎంత, మెత్తటి భాగం ఎంత అన్నదాకానే. ఆ మెత్తటి భాగంలో కొవ్వు వాటా ఎంతో పక్కనున్న ఎముక లేని చుక్కల నుంచి అరువు తెచ్చుకుంటుంది. అంటే రిపోర్టులో పాయింటు తర్వాత కనిపించే అంకెల్లో కొంత అంచనా కూడా కలిసి ఉంటుంది. ఇంకో సంగతి, 'కొవ్వు కానిది' అంటే కండ ఒక్కటే కాదు. నీళ్లు, పేగులు, లివర్, తిన్న ఇడ్లీ అన్నీ అందులోకే వస్తాయి. రిపోర్టులో దాన్ని లీన్ అంటారు.

ఇప్పుడు అసలు పెట్టెల సంగతి. స్కాన్ బొమ్మ మీద సాఫ్ట్‌వేర్ రెండు పెట్టెలు గీస్తుంది. మొదటిది ఆండ్రాయిడ్, అంటే నడుము చుట్టూ ఉండే భాగం. చేతులు నడుము మీద ఆనించుకుని నిలబడితే వేళ్లకు తగిలే తుంటి ఎముక పై అంచు ఉంది కదా, ఆ పెట్టె కింది గీత అక్కడ. అక్కడి నుంచి గడ్డం కింద గీసే మెడ గీత దాకా ఉన్న దూరంలో ఐదో వంతు పైకి వెళితే పెట్టె పై గీత వస్తుంది. రెండోది గైనాయిడ్, అంటే పిరుదులు, తొడల పైభాగం. ఇది తుంటి గీత దగ్గరే మొదలు కాదు. ఆండ్రాయిడ్ పెట్టె ఎత్తుకు ఒకటిన్నర రెట్లు కిందికి దిగాక మొదలై, ఆ ఎత్తుకు రెండు రెట్లు ఉంటుంది.

ఒక మనిషికి తుంటి గీత నుంచి మెడ గీత దాకా 48 సెంటీమీటర్లు ఉందనుకుందాం. ఆండ్రాయిడ్ పెట్టె ఎత్తు 9.6 సెంటీమీటర్లు. తుంటి గీత నుంచి 14.4 సెంటీమీటర్లు కిందికి దిగితే గైనాయిడ్ పెట్టె మొదలవుతుంది, దాని ఎత్తు 19.2 సెంటీమీటర్లు. మధ్యలో ఆ 14.4 సెంటీమీటర్ల పట్టీ ఏ పెట్టెలోకీ రాదు! బొడ్డు కింద బెల్టు మీదికి వాలే పొత్తికడుపులో చాలా భాగం ఆ పట్టీలోనే ఉంటుంది. 'నా సమస్య అంతా కింది పొట్టే' అనుకునే మనిషికి A/G Ratio బాగానే వచ్చిందంటే ఆశ్చర్యం ఏమీ లేదు, ఆ చోటు లెక్కలోకే రాలేదు. అలాగే పైన పక్కటెముకల కింద ఉబ్బే భాగం కూడా చాలావరకు ఈ పెట్టెకు బయటే ఉంటుంది. కాబట్టి ఆండ్రాయిడ్ అంటే మొత్తం పొట్ట అని అనుకోకూడదు, నడుము దగ్గర జానెడు కూడా లేని ఒక అడ్డపట్టీ అంతే.

ఈ రెండు పెట్టెల్లో ఒక్కోదాని కొవ్వు శాతం తీసి, మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చేదే రిపోర్టులోని A/G Ratio. ఇక్కడ శాతం అన్న మాట గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. పరిశోధన పత్రాల్లో కొన్ని కొవ్వు శాతాలతో కాకుండా కొవ్వు బరువులతో ఈ భాగహారం చేస్తాయి. గైనాయిడ్ పెట్టె ఆండ్రాయిడ్ పెట్టె కంటే బాగా పెద్దది కాబట్టి, బరువులతో చేస్తే అంకె దాదాపు సగానికి పడిపోతుంది. ఎక్కడో చదివిన 0.5, 0.6 లాంటి అంకెల పక్కన తమ 1.2 పెట్టుకుని కంగారుపడేవాళ్లు ఉంటారు. రెండూ వేర్వేరు కొలతలు.

ఒక రిపోర్టు వేద్దాం. అంకెలు లెక్క కోసం నేను వేసినవే గానీ, ఇలాంటి రిపోర్టులు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఏ సెంటర్‌లోనైనా కనిపిస్తాయి. వయసు 42, మగ మనిషి, ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 68 కిలోలు. బీఎంఐ 23.5. చొక్కా వేసుకుంటే సన్నగానే ఉంటాడు, బంధువులు 'నీకేంట్రా, ఫిట్‌గా ఉన్నావు' అంటారు. ఆండ్రాయిడ్ పెట్టెలో మొత్తం మెత్తటి భాగం 4,900 గ్రాములు, అందులో కొవ్వు 1,860 గ్రాములు, అంటే 38 శాతం. గైనాయిడ్ పెట్టెలో 10,000 గ్రాములు, అందులో కొవ్వు 2,900 గ్రాములు, అంటే 29 శాతం. 38ని 29తో భాగిస్తే 1.31. కొవ్వు బరువులతోనే భాగిస్తే 0.64.

ఈ 1.31 చెప్పేది ఇంతే: ఇతనికి నడుము పట్టీ కొవ్వుతో ఎంత చిక్కగా ఉందో, తుంటి, తొడలు అంత చిక్కగా లేవు. ఒంట్లో కొవ్వు ఎక్కువో తక్కువో ఇది చెప్పదు. రెండు పెట్టెల్లోనూ 18 శాతమే ఉన్న పరుగు పందెం మనిషికీ, రెండింట్లోనూ 45 శాతం ఉన్న మనిషికీ నిష్పత్తి 1.0 దగ్గరే నిలుస్తుంది. అందుకే ముందు మొత్తం కొవ్వు, తర్వాత రెండు పెట్టెల శాతాలు, ఆ తర్వాతే నిష్పత్తి, ఈ వరుసలో చదవాలి.

ఆరు నెలలయ్యాయి. మనవాడు రాత్రి అన్నం తగ్గించాడు, జిమ్‌లో చేరి స్క్వాట్లు, డెడ్‌లిఫ్టులు చేశాడు. బరువు 65కి దిగింది. రెండో స్కాన్ తీయించాడు. ఆండ్రాయిడ్ పెట్టెలో 4,500 గ్రాములు, కొవ్వు 1,490, అంటే 33.1 శాతం. గైనాయిడ్ పెట్టెలో 9,700 గ్రాములు, కొవ్వు 2,320, అంటే 23.9 శాతం. నిష్పత్తి 1.38. పెరిగింది! రంగు పట్టీ మీద గుర్తు ఇంకా ఎరుపు వైపు జరిగింది. ఇంత కష్టపడితే ఇదా ఫలితం అనిపిస్తుంది.

గ్రాముల్లో చూస్తే కథ వేరు. నడుము దగ్గర 370 గ్రాముల కొవ్వు పోయింది. తుంటి, తొడల దగ్గర 580 గ్రాములు పోయింది. రెండు చోట్లా పోయింది సరిగ్గా ఐదో వంతు. కొవ్వు బరువుల నిష్పత్తి అప్పుడూ 0.64, ఇప్పుడూ 0.64. అంటే కొవ్వు పంపిణీ మారనే లేదు, రెండు చోట్లా సమానంగా కరిగింది. మరి శాతాల నిష్పత్తి ఎందుకు పెరిగింది? రెండు కారణాలు. ఒకటి, శాతాల గణితమే అలాంటిది. ఎక్కడైనా కొవ్వు సమానంగా ఐదో వంతు పోతే, ఎక్కువ శాతం ఉన్న పెట్టెలో శాతం కాస్త నెమ్మదిగా దిగుతుంది, ఎందుకంటే అక్కడ కొవ్వుతో పాటు హరంలో ఉన్న మొత్తం కూడా ఎక్కువ తగ్గుతుంది. కండ అసలు మారలేదనుకుని లెక్కేసినా ఇతని నిష్పత్తి 1.34 వచ్చేది. రెండోది, స్క్వాట్లు. గైనాయిడ్ పెట్టెలో కొవ్వు 580 గ్రాములు పోయినా మొత్తం తగ్గింది 300 గ్రాములే, అంటే 280 గ్రాముల లీన్ వచ్చి చేరింది. పాలలో నీళ్లు కలిపితే వెన్న శాతం తగ్గుతుంది గానీ వెన్న తగ్గదు. ఇక్కడ కలిసింది నీళ్లు కాదు, పిరుదుల కండ. అది కింది అంకెను ఇంకా తగ్గించి, పైపైన చూసేవాళ్లకు నిష్పత్తిని ఇంకా 'చెడగొట్టింది'.

దీనికి తిరగేసిన బొమ్మే నాకు ఎక్కువ భయం కలిగిస్తుంది. డెబ్బై ఏళ్ల పెద్దాయన తుంటి ఆపరేషన్ తర్వాత మూడు నెలలు మంచం మీదే ఉన్నాడనుకోండి. తొడల కండ కరిగిపోతుంది. కొవ్వు అంతే ఉన్నా, కండ పోయినందుకు గైనాయిడ్ శాతం పెరుగుతుంది. నిష్పత్తి తగ్గుతుంది. రిపోర్టు చూసి 'కొవ్వు పంపిణీ మెరుగైంది' అని ఎవరైనా అంటే అంతకంటే తప్పుడు మాట ఉండదు. పైగా, ఆపరేషన్‌లో పెట్టిన లోహపు కీలు కూడా గైనాయిడ్ పెట్టెలోనే పడి అక్కడి లెక్కను చెడగొడుతుంది. నిష్పత్తి మారినప్పుడల్లా నాలుగు అంకెలు పక్కపక్కన రాసుకోవాలి: రెండు పెట్టెల్లో కొవ్వు గ్రాములు, రెండు పెట్టెల్లో లీన్ గ్రాములు. మారింది ఏదో అప్పుడే తెలుస్తుంది.

అసలు ఈ రెండు చోట్లనే ఎందుకు పోల్చాలి? ఈ ఆలోచన డెక్సా కంటే చాలా పాతది. ఫ్రాన్స్‌లోని మార్సెయ్ నగరంలో పనిచేసిన వైద్యుడు జాఁ వాగ్ 1947లోనే, లావుగా ఉన్నవాళ్లందరికీ ఒకే ముప్పు ఉండదని, నడుం పైన కొవ్వు చేరే తీరుకు షుగరు, గుండె జబ్బులతో సంబంధం ఎక్కువని రాశాడు. మగవాళ్లలో ఎక్కువగా కనిపించే ఆ తీరుకు ఆండ్రాయిడ్ అని, తుంటి, తొడల్లో చేరే తీరుకు గైనాయిడ్ అని పేర్లు పెట్టింది ఆయనే. ఆయన చేతిలో ఉన్నవి టేపు, చర్మం మడతను కొలిచే పరికరం. డెక్సా అదే ప్రశ్నను గ్రాముల్లో అడుగుతోంది.

తొడల కొవ్వు స్వభావం నిదానం. భోజనం తర్వాత రక్తంలోకి వచ్చిన కొవ్వును తీసుకుని దాచుకుంటుంది, అడ్రినలిన్ లాంటి హార్మోన్లు పిలిచినా తొందరగా వదలదు. నడుము, పొట్ట దగ్గరి కొవ్వు అలా కాదు, చురుగ్గా తీసుకుంటుంది, చురుగ్గా వదులుతుంది. పొట్ట లోపల పేగుల చుట్టూ ఉండే కొవ్వు వదిలింది పోర్టల్ సిర ద్వారా నేరుగా లివర్‌కు వెళుతుంది. లివర్‌లో కొవ్వు పేరుకుంటే ఇన్సులిన్ మాట వినడం తగ్గుతుంది, ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి. అంటే పై పెట్టెలో కొవ్వు పెరగడం ఎంత సమస్యో, దాచుకోవడానికి కింద చోటు లేకపోవడం కూడా అంతే సమస్య. వంశపారంపర్యంగా కాళ్లు, తుంటి దగ్గర కొవ్వు లేకుండా పోయే అరుదైన జబ్బు ఉన్నవాళ్లు చూడటానికి కండలు తిరిగి సన్నగా ఉన్నా, వాళ్లకు షుగరు, ఫ్యాటీ లివర్ చిన్న వయసులోనే వస్తాయి. హెచ్ఐవీకి ఒకప్పుడు విరివిగా ఇచ్చిన స్టావుడిన్ అనే మందు కూడా కాళ్లు, చేతులు, బుగ్గల కొవ్వును అలాగే కరిగించేది. అందుకే నిష్పత్తి ఎక్కువగా ఉందంటే పైది ఎక్కువై వచ్చిందా, కిందిది మరీ తక్కువై వచ్చిందా అన్న ప్రశ్న లెక్కల సరదా కాదు.

ఆడవాళ్లలో ఈస్ట్రోజెన్ ఉన్నన్నాళ్లూ కొవ్వు తుంటి, తొడల వైపే మొగ్గుతుంది. ఆండ్రాయిడ్ 28 శాతం, గైనాయిడ్ 40 శాతం ఉంటే 0.70, వయసులో ఉన్న ఆడవాళ్లకు ఇది మామూలు విషయం. నెలసరి ఆగిపోయాక బరువు కిలో కూడా మారకుండానే కొవ్వు నడుము వైపు జరగవచ్చు. 'బరువు అదే, చీర కుచ్చిళ్లు మాత్రం చాలడం లేదు' అనే మాటకు అర్థం అదే. అలాంటప్పుడు తూకం చూపించని మార్పును ఈ నిష్పత్తి చూపిస్తుంది, ఇది నిజంగా పనికొచ్చే సందర్భాల్లో ఒకటి.

ఇంతకీ ఆండ్రాయిడ్ పెట్టెలోని కొవ్వు చర్మం కిందిదా, లోపలిదా? నిష్పత్తికి అది తెలియదు. స్కాన్ మనిషిని పైనుంచి చూస్తుంది, ముందూ వెనకా ఉన్నదంతా ఒకే బొమ్మలో కలిసిపోతుంది. పిడికిట్లోకి వచ్చే మెత్తటి మడత, లోపల పేగుల చుట్టూ పేరుకున్న కొవ్వు రెండూ 1,860 గ్రాముల్లోనే ఉన్నాయి. కొత్త సాఫ్ట్‌వేర్లు పక్కల అంచుల్లో చర్మం కింది పొర ఎంత మందమో కొలిచి, దాన్ని బట్టి ముందు, వెనక పొర ఎంతుంటుందో అంచనా కట్టి, మొత్తంలోంచి తీసేసి మిగిలింది లోపలి కొవ్వు అంటాయి. రిపోర్టులో VAT అని ఉండే వరుస అదే. అదీ అంచనానే గానీ, సీటీ స్కాన్‌తో పోలిస్తే బాగానే కలుస్తుంది. రెండు పెట్టెల కొవ్వూ సమానంగా ఉన్న ఇద్దరిలో ఒకరికి VAT 400 గ్రాములు, ఇంకొకరికి 1,000 గ్రాములు ఉండవచ్చు, నిష్పత్తి ఇద్దరికీ ఒకటే. లివర్, షుగరు గురించి అడిగితే రెండో మనిషి సంగతే ముందు చూడాలి. నా మటుకు నేను VAT వరుస ఉన్న రిపోర్టులో A/G Ratioని దాని తర్వాతే చదువుతాను.

మరి 1.0, 0.8 గీతల సంగతి? అవి వాడుకలో స్థిరపడిన అంకెలు, షుగరుకు ఉన్నట్టు రోగ నిర్ధారణ గీతలు కావు. డెక్సా కొలతలకు ప్రమాణాలు చెప్పే అంతర్జాతీయ సంస్థ ISCD, ఈ నిష్పత్తిని, VATని కూడా రిపోర్టులో ఇస్తే ఇవ్వచ్చు అనే జాబితాలోనే పెట్టింది, చికిత్సలో వాటి ఉపయోగం ఇంకా తేలలేదని రాసింది. కొన్ని రిపోర్టుల్లో వయసుతో పోల్చి పర్సెంటైల్ ఇస్తారు. అది చాలావరకు అమెరికాలోని NHANES సర్వేలో స్కాన్ చేసిన జనంతో పోలిక. మన వాళ్ల ఒళ్లు ఆ జనంలా ఉండవు. 2004లో లాన్సెట్ పత్రికలో పుణె వైద్యుడు యాజ్ఞిక్, బ్రిటన్ వైద్యుడు యుడ్కిన్ తమ ఇద్దరి ఫొటో, డెక్సా బొమ్మలు వేసుకున్నారు. ఇద్దరి బీఎంఐ 22.3. యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. మన ఉదాహరణలోని 'ఫిట్‌గా ఉన్న' మనిషి ఈ కోవలోని వాడే. అందుకే భారతీయులకు నడుము కొలత గీతలు కూడా తక్కువగా, మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లుగా పెట్టారు. మన పల్లె జనంలోనూ డెక్సా కొలతలు తీసిన అధ్యయనం ఉంది. 1987 నుంచి 1990 దాకా హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో గర్భిణులకు, చిన్నపిల్లలకు ఉప్మా పెట్టి చూసిన ప్రయోగంలోని పిల్లలు పెద్దయ్యాక, జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు వాళ్లకు ఈ స్కాన్లు తీశారు. కానీ సెంటర్‌లో మీ చేతికిచ్చే కాగితం మీది రంగు పట్టీ అలాంటి మన జనం లెక్కలతో తయారైంది కాదు.

ఇక కొలతలోనే జరిగే పొరపాట్లు. వీటిని పట్టుకోవడానికి రిపోర్టు మీద ఉండే చిన్న అస్థిపంజరం బొమ్మ చాలు. తుంటి గీత ఎముక అంచుకు సరిగ్గా పైన ఉందా? అది మూడు సెంటీమీటర్లు పైకి జరిగితే, దాన్ని బట్టే గీసే రెండు పెట్టెలూ జరుగుతాయి. ఆండ్రాయిడ్ పెట్టె పక్కటెముకల వైపు పోతుంది, గైనాయిడ్ పెట్టె పొత్తికడుపును కాస్త కలుపుకుంటుంది. మెడ గీత గడ్డం కిందే ఉందా? ఒకసారి గడ్డం పైకెత్తి, ఇంకోసారి కిందికి దించి పడుకుంటే, ఐదో వంతు లెక్క మారి పెట్టె ఎత్తే మారుతుంది. చేతులు తుంటికి అతుక్కుని ఉన్నాయా, మధ్యలో సన్నటి ఖాళీ కనిపిస్తోందా? అతుక్కుంటే అరచేయి కొంత గైనాయిడ్ పెట్టెలో కలిసిపోతుంది. పొట్ట బాగా వాలిన వాళ్లలో పడుకున్నప్పుడు ఆ మడత తొడల మీదికి జారి కింది పెట్టెలో లెక్కకొస్తుంది, నిష్పత్తి ఉన్నదానికంటే మంచిగా కనిపిస్తుంది.

తిండి, నీళ్ల ప్రభావం చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. మన మనిషి స్కాన్‌కు ముందు టిఫిన్ తిని, బాటిల్ నీళ్లు తాగి వెళ్లాడనుకుందాం. అందులో 300 గ్రాములు ఆండ్రాయిడ్ పెట్టెలో పడ్డాయి. మెషీన్‌కు అది లీన్. కొవ్వు 1,860 గ్రాములే, మొత్తం 5,200 గ్రాములు, శాతం 35.8కి దిగుతుంది. నిష్పత్తి 1.31 నుంచి 1.23కి! ఆరు నెలల జిమ్ చూపించలేని 'మెరుగుదల' రెండు ఇడ్లీలు, ఒక వడ, నీళ్లు చూపించాయి. కాబట్టి రెండుసార్లూ పొద్దున్నే పరగడుపున, మూత్రానికి వెళ్లొచ్చి, లోహం లేని పల్చటి బట్టలతో, అదే సెంటర్‌లో అదే మెషీన్ మీద తీయించుకోవాలి. ఒక కంపెనీ మెషీన్ అంకెను ఇంకో కంపెనీ మెషీన్ అంకెతో పోల్చకూడదు. రిపోర్టులో ఎముకను కలిపి లెక్కేసిన Region %Fat, ఎముక తీసేసి లెక్కేసిన Tissue %Fat రెండూ ఉంటే, ఒకసారి అది ఒకసారి ఇది తీసుకోకుండా ఒకే వరుస పట్టుకోవాలి.

అన్నీ సరిగా చేసినా, ఒకే మనిషిని లేపి మళ్లీ పడుకోబెట్టి తీస్తే అంకె కాస్త అటూఇటూ అవుతుంది. మొత్తం ఒంటి కొలత కంటే చిన్న పెట్టెల కొలతలో ఈ ఊగిసలాట ఎక్కువ. ఒక మార్పు నిజమైనదా, ఊగిసలాటా అని తేల్చడానికి వాడే సూత్రం: ఆ సెంటర్ కొలత పొరపాటును 2.77తో గుణించాలి, వచ్చినదానికంటే మార్పు ఎక్కువైతేనే నమ్మాలి. పొరపాటు 2 శాతం అనుకుంటే హద్దు 5.5 శాతం. మన మనిషి 1.31 మీద అది 0.07. అతని నిష్పత్తి 1.31 నుంచి 1.38కి వెళ్లింది, మారింది కూడా సరిగ్గా 0.07. అంటే ఆ ఎరుపు వైపు జరిగిన గుర్తును, 'పెరిగింది' అని గట్టిగా చెప్పడానికి కూడా లేదు. అదే సమయంలో ఆండ్రాయిడ్ కొవ్వు 1,860 నుంచి 1,490 గ్రాములకు, అంటే 20 శాతం తగ్గింది. ఆ మార్పు ఊగిసలాటను ఎప్పుడో దాటేసింది.

కాబట్టి అతని రెండో రిపోర్టును నేనైతే ఇలా చదువుతాను. నడుము కొవ్వు ఐదో వంతు తగ్గింది, తుంటి దగ్గర కండ పెరిగింది, కొవ్వు పంపిణీ అలాగే ఉంది, నడుము పట్టీ ఇంకా 33 శాతం కొవ్వుతోనే ఉంది. నిష్పత్తిని దించడానికి విడిగా చేసే వ్యాయామం ఏదీ లేదు, పొట్ట వ్యాయామాలతో పొట్ట కొవ్వే కరగదు. కొవ్వు ఎక్కడి నుంచి ముందు పోవాలో చాలావరకు వంశం, హార్మోన్లే నిర్ణయిస్తాయి. ఇతను ఇప్పుడు చేయించుకోవలసింది మూడో స్కాన్ కాదు. పరగడుపు షుగరు, హెచ్‌బీఏ1సీ, ట్రైగ్లిజరైడ్లు, హెచ్‌డీఎల్, లివర్ ఎంజైములు, బీపీ. వాటిలో ఏదైనా గీత దాటితే 1.31కీ 1.38కీ తేడా లేదు, ఆ జబ్బుకే వైద్యం. దాటకపోతే ఇప్పుడు చేస్తున్నదే కొనసాగిస్తూ, ఇంట్లో టేపుతో నెలకోసారి నడుము కొలుచుకుంటే సరిపోతుంది. ఇతని ఎత్తుకు నడుము 85 సెంటీమీటర్ల లోపు, అంటే ఎత్తులో సగం లోపు ఉండాలి. స్కాన్ మళ్లీ తీయించాలనుకుంటే ఏడాది ఆగితే మంచిది, అప్పటికి వచ్చే మార్పు కొలత పొరపాటు కంటే పెద్దదిగా ఉండే అవకాశం ఎక్కువ.